బాత్రూమ్ టైళ్లు మార్చే ఖర్చు అంచనా: వేస్టేజ్, కూలి రోజులు, ఫిట్టింగులు కలిపి లెక్క కట్టే పద్ధతి

"మొత్తం ఎన్ని చదరపు అడుగులో చూసి, పది శాతం కలిపి టైళ్లు తెచ్చుకోండి. మేస్త్రీ అడుగుకింత తీసుకుంటాడు." అంచనా అంటే చాలామందికి ఇంతే. పని సగంలో ఉండగా టైళ్లు చాలవు. మళ్లీ వెళితే అదే రంగు దొరకదు. పగలగొట్టిన చెత్త మోయించే ఖర్చు ఎవరూ రాసుకుని ఉండరు. ప్లంబర్ ఒకసారి వస్తే సరిపోతుందనుకుంటే మూడుసార్లు రావాల్సి వస్తుంది.

బాత్రూమ్ టైళ్లు మార్చడానికి ఎంతవుతుందని అడిగినవాళ్లందరికీ ఒకేచోట జవాబుగా ఒక గదిని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా లెక్క కడదాం. రేట్లు ఊరూరికీ మారతాయి కాబట్టి ఇక్కడ పరిమాణాలు, రోజులే ఇస్తున్నాను. రేటు గడిలో మీ దగ్గర నడిచే అంకె వేసుకోండి. పరిమాణం తప్పితే రేటు ఎంత బేరమాడినా లెక్క కుదరదు.

## 1. కొలవడానికి ముందు తేల్చుకోవాల్సినవి

టేపు తీసేముందు నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. వీటిలో ఏది మారినా అంచనా మొత్తం మారిపోతుంది.

- పాత టైళ్లు పగలగొడతారా, వాటి మీదే కొత్తవి అంటిస్తారా?
- గోడలోపలి పైపులు మారుస్తారా?
- నేలకు వాటర్‌ప్రూఫింగ్ కొత్తగా చేస్తారా?
- కమోడ్, వాష్‌బేసిన్, కుళాయిల్లో ఏవి ఉంచుతారు, ఏవి మారుస్తారు?

మొదటి ప్రశ్నకు జవాబు గోడే చెబుతుంది. నాణెంతోనో స్క్రూడ్రైవర్ పిడితోనో పాత టైళ్లను ఒక్కొక్కటిగా తట్టి చూడండి. గట్టి చప్పుడు వస్తే పట్టు ఉన్నట్టు. డొల్లగా మోగితే వెనక ఖాళీ ఉన్నట్టు. అక్కడక్కడా ఒకటో రెండో మోగితే వాటినే తీసి పూడ్చవచ్చు. వరసలకు వరసలు మోగుతున్నా, గోడకు అవతలి వైపు చెమ్మ కనిపిస్తున్నా పైన అంటించే ఆలోచన మానుకోండి. చెమ్మ లోపలే ఉండిపోతుంది, దాని మీద పెట్టిన ఖర్చంతా వృథా.

మన లెక్కలో పగలగొట్టడం, గోడలోని నీళ్ల పైపులు మార్చడం, వాటర్‌ప్రూఫింగ్ అన్నీ ఉన్నాయనుకుందాం.

## 2. కొలతలు: అడుగుల్లో కాదు, మిల్లీమీటర్లలో

మనం గదిని అడుగుల్లో చెప్పుకుంటాం. టైలు మాత్రం మిల్లీమీటర్లలో తయారవుతుంది. "అడుగు టైలు" అని అడిగితే ఇచ్చేది 300 మి.మీ. టైలు. అసలు అడుగు దాదాపు 305 మి.మీ. ఒక టైలుకు 5 మి.మీ. తేడా పెద్దగా అనిపించదు. ఎనిమిది టైళ్లు పక్కపక్కన పరిచేసరికి అది 38 మి.మీ. అవుతుంది. టైళ్ల మధ్య జాయింట్లలో కొంత పోయినా గోడ చివర రెండు వేళ్ల వెడల్పు సందు మిగులుతుంది. చిక్కంతా ఆ సందులోనే ఉంది.

కొలిచే వరస ఇది:

1. ప్రతి గోడ పొడవునూ కింద, నడుమ, పైన మూడుచోట్ల కొలవండి. వాటిలో పెద్దది రాసుకోండి.
2. నేల మీద ఎదురెదురు మూలల మధ్య ఐమూలగా రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానంగా లేకపోతే గది మూలలు సరిగ్గా లేవన్నమాట. చివరి వరసలో ప్రతి టైలునూ కొద్దికొద్దిగా ఏటవాలుగా కోయాల్సి వస్తుంది.
3. గుండు దారం వేలాడదీసి గోడ నిలువుగా ఉందో లేదో చూడండి. వంకర ఎన్ని మి.మీ. ఉందో రాసుకోండి. టైళ్లు అంటించే అడ్హెసివ్ లెక్కలో ఇది మళ్లీ వస్తుంది.
4. తలుపు ఏ మూల నుంచి ఎంత దూరంలో ఉందో, నీళ్లు పోయే రంధ్రం ఎక్కడుందో బొమ్మలో గుర్తు పెట్టండి.

మన గది 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. అంటే 2438 మి.మీ., 1524 మి.మీ. గోడ టైళ్లు 7 అడుగుల ఎత్తు వరకు, అంటే 2134 మి.మీ. తలుపు 5 అడుగుల గోడలో ఉంది. దాని వెడల్పు 762 మి.మీ., ఎత్తు టైళ్ల ఎత్తంత. తలుపుకు ఒక పక్క 254 మి.మీ. గోడ, ఇంకో పక్క 508 మి.మీ. గోడ. వెంటిలేటర్ టైళ్ల గీతకు పైన ఉంది కాబట్టి లెక్కలోకి రాదు. మీ గదిలో కిటికీ టైళ్ల మధ్యలో ఉంటే దాని వైశాల్యం తీసేయండి. కానీ కిటికీ లోపలి అంచులకు పట్టే టైళ్లను తిరిగి కలపడం మర్చిపోకండి. చిన్న కిటికీకి రెండూ దాదాపు సరిపోతాయి.

## 3. టైళ్ల లెక్క: వైశాల్యం కూలికి, బొమ్మ టైళ్లకు

ముందు అందరూ వేసే లెక్క వేద్దాం. చుట్టుకొలత 26 అడుగులు, ఎత్తు 7. మొత్తం 182 చదరపు అడుగులు. తలుపుకు 17.5 తీసేస్తే 164.5. గోడ టైలు 600 × 300 మి.మీ. తీసుకుంటే ఒక్కోటి 1.94 చదరపు అడుగులు. అంటే 85 టైళ్లు. పది శాతం కలిపితే 94. బాక్సుకు ఐదు చొప్పున 19 బాక్సులు.

ఇప్పుడు అదే గోడను గీసి లెక్కిద్దాం. గళ్ల కాగితం మీద ఒక్కో గోడనూ విడిగా గీయండి. టైళ్లు అడ్డంగా, అంటే 600 వైపు నేలకు సమాంతరంగా పెడుతున్నాం. జాయింటు 2 మి.మీ.

ఎత్తు. ఏడు వరసలు పెడితే 2112 మి.మీ. వస్తుంది. 7 అడుగులకు 22 మి.మీ. తక్కువ. ఆ 22 మి.మీ. కోసం ఎనిమిదో వరస మొదలుపెట్టకండి. ఏడు వరసల దగ్గర ఆపేయమని ముందే రాసి ఇవ్వండి. నేల వాలు వల్ల కింది వరసను కొంచెం కోయాల్సి వచ్చినా వరసల సంఖ్య మారదు.

పొడవు గోడ. 2438లో నాలుగు పూర్తి టైళ్లు 2406 తినేస్తాయి. మిగిలేది 32 మి.మీ. జాయింటు పోగా 30 మి.మీ. పట్టీ. అంత సన్నగా కోస్తే అంచులు పెచ్చులు లేస్తాయి. కొందరు మేస్త్రీలు దాన్ని తలుపు వెనక మూలకు నెట్టేస్తారు. నేనైతే ఒప్పుకోను. ఆ మూల మీద పడిన కన్ను అక్కడే ఉండిపోతుంది. సరైన పద్ధతి: నడుమ మూడు పూర్తి టైళ్లు, రెండు చివర్లా 315 మి.మీ. ముక్కలు. 315 అంటే టైలులో సగానికి పైన. కాబట్టి ఒక టైలు నుంచి రెండు ముక్కలు రావు. వరసకు ఐదు టైళ్లు ఖర్చవుతాయి. రెండు గోడలు, ఏడు వరసలు: 70 టైళ్లు.

తలుపు లేని 5 అడుగుల గోడ. రెండు పూర్తి టైళ్లు, ఒక 320 మి.మీ. ముక్క. వరసకు మూడు. మొత్తం 21.

తలుపు గోడ. 508 వైపుకు వరసకు ఒక టైలు, మొత్తం 7. ఇంకో వైపు 254 మి.మీ. చాలు. పొడవు గోడల్లో కోయగా మిగిలిన 285 మి.మీ. ముక్కలు మన దగ్గర 28 ఉన్నాయి. అందులో ఏడు ఇక్కడ సరిపోతాయి. కొత్త టైలు అక్కర్లేదు. ఒక్క షరతు: టైలు మీద చారలో బొమ్మలో ఒక దిశలో ఉంటే మిగులు ముక్కలు కలవవు. అప్పుడు ఒక టైలు నుంచి రెండు 254 ముక్కల చొప్పున ఇంకో నాలుగు టైళ్లు కలపండి.

మొత్తం 98 టైళ్లు. ఇంకా పగుళ్లు, విరిగేవి కలపనేలేదు. పది శాతం కలిపి తెచ్చిన 19 బాక్సుల్లో ఉండేది 95.

నేల. 300 × 300 టైళ్లు. వైశాల్యం 40 చదరపు అడుగులు, అంటే 41 టైళ్లకు కాస్త పైన. గీసి చూస్తే పొడవున ఏడు పూర్తి టైళ్లు, రెండు వైపులా 161 మి.మీ. ముక్కలు. వెడల్పున నాలుగు పూర్తివి, రెండు వైపులా 157 మి.మీ. ముక్కలు. తొమ్మిది ఇంటూ ఆరు, 54 టైళ్లు. కోయగా మిగిలినవన్నీ సగానికి తక్కువ, ఎక్కడా పనికిరావు.

## 4. వేస్టేజ్‌ను మూడుగా విడగొట్టండి

వేస్టేజ్ శాతాన్ని ముందే అనుకుని కలపకండి. లెక్క చివర అదే తేలుతుంది. అందులో మూడు వేర్వేరు భాగాలున్నాయి.

కోతలో పోయేది. పైన బొమ్మలో తేలిన తేడా. గోడలకు 98 నుంచి 85 తీస్తే 13. నేలకు 54 నుంచి 41 తీస్తే 13. దీన్ని ఎంత మంచి మేస్త్రీ అయినా తగ్గించలేడు. టైలు సైజు మార్చితేనో, గది కొలత మారితేనో తగ్గుతుంది.

విరిగేది. రవాణాలో మూలలు పోయినవి, కోతలో పగిలినవి, కుళాయి రంధ్రం వేస్తుంటే చీలినవి. గోడలకు నాలుగు పెట్టుకున్నాను. నేలకు మూడు, ఎందుకంటే నీళ్లు పోయే రంధ్రం చుట్టూ వాలు కోసం టైళ్లను కోణంలో కోయాలి. అక్కడ ఒకటి రెండు పోవడం మామూలే.

దాచుకునేది. రేపు పైపు కారి రెండు టైళ్లు తీయాల్సి వస్తే అదే టైలు కావాలి. గోడవి మూడు, నేలవి మూడు.

| | వైశాల్యం ప్రకారం | బొమ్మ ప్రకారం | విరిగేవి | దాచేవి | మొత్తం | బాక్సులు |
|---|---|---|---|---|---|---|
| గోడ (బాక్సుకు 5) | 85 | 98 | 4 | 3 | 105 | 21 |
| నేల (బాక్సుకు 10) | 41 | 54 | 3 | 3 | 60 | 6 |

వైశాల్యంతో పోలిస్తే గోడలకు 24 శాతం, నేలకు 45 శాతం ఎక్కువ కొంటున్నాం. నేల అంకె చూసి భయపడకండి. చిన్న గదిలో అంచుల వాటా ఎక్కువ, అందుకే అంత వచ్చింది. హాలుకు సరిపోయే పది శాతం బాత్రూముకు సరిపోకపోవడానికి కారణం ఇదే. నేలకు వేరే సైజు టైలు ఎంచుకుంటే ఈ శాతం మారిపోతుంది. కొనేముందు ప్రతి సైజుకూ విడిగా గీసి చూడటం అరగంట పని.

ఇంకో మాట. ఇవన్నీ పాత టైలు ముఖం నుంచి ముఖానికి తీసిన కొలతలు. పాతది పగలగొట్టి కొత్త ప్లాస్టరింగ్ చేశాక గది కొద్దిగా పెద్దదో చిన్నదో అవుతుంది. ప్లాస్టరింగ్ మందంగా పడి, టైలు ముఖం నుంచి ముఖానికి పొడవు 2410 మి.మీ. దగ్గరకు వచ్చిందనుకోండి. పొడవు గోడకు వరసకు ఐదు కాదు, నాలుగు టైళ్లే చాలు. 14 టైళ్లు మిగులుతాయి. తలుపు పక్కకు మిగులు ముక్కలు లేక నాలుగు కొత్తవి వాడినా నికరంగా పది టైళ్లు, అంటే రెండు బాక్సులు తగ్గుతాయి. అందుకే అంచనాకు ఇప్పటి కొలత వాడండి. టైళ్ల ఆర్డరు మాత్రం ప్లాస్టరింగ్ అయ్యాక మళ్లీ కొలిచి ఇవ్వండి.

టైళ్లు దింపించుకునేటప్పుడు:

- అన్ని బాక్సుల మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా?
- బాక్సులో ఎన్ని టైళ్లున్నాయి? సైజు ఒకటే అయినా కంపెనీని బట్టి మారుతుంది.
- విప్పని బాక్సులు వెనక్కి తీసుకుంటారా? బిల్లు మీద రాయించుకోండి.
- రెండు వేర్వేరు బాక్సుల్లోంచి టైళ్లు తీసి పక్కపక్కన పెడితే రంగు, సైజు కలుస్తున్నాయా?

## 5. అంటించే సరుకు, చెత్త

నికర వైశాల్యం ఇక్కడ పనికొస్తుంది. గోడలు 15.3 చదరపు మీటర్లు, నేల 3.7. కలిపి 19.

టైల్ అడ్హెసివ్. ఒక చదరపు మీటరుకు ఒక మి.మీ. మందానికి సుమారు ఒకటిన్నర కిలో పొడి పడుతుంది. మూడు మి.మీ. పైచిలుకు మందానికి ఐదు కిలోలనుకుంటే 95 కిలోలు. వృథా కలిపి 20 కిలోల బస్తాలు ఆరు. గోడ వంకరను అడ్హెసివ్‌తో సరిచేయడం మొదలుపెడితే ఈ లెక్క కొట్టుకుపోతుంది. గోడల మీద ఒక్క మి.మీ. మందం పెరిగితే 23 కిలోలు, బస్తాకు పైనే. వంకరను ప్లాస్టరింగ్‌లోనే సరిచేయించండి, అది చవక.

గ్రౌట్, అంటే టైళ్ల సందుల్లో నింపే పొడి. టైలు పొడవు, వెడల్పు కూడి, వాటి లబ్ధంతో భాగించండి. దాన్ని టైలు మందంతో, జాయింటు వెడల్పుతో, 1.6తో గుణించండి. కొలతలన్నీ మి.మీ.లలో ఉంటే చదరపు మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 9 మి.మీ. మందం ఉన్న మన టైళ్లకు గోడలకు 2.2 కిలోలు, నేలకు 0.7 కిలో. నాలుగు కిలోలు తీసుకుంటే చాలు.

వాటర్‌ప్రూఫింగ్. నేల మొత్తం, చుట్టూ గోడల మీద 300 మి.మీ. ఎత్తు, షవర్ ఉన్నచోట తల ఎత్తు వరకు. మన గదికి సుమారు 9.5 చదరపు మీటర్లు. డబ్బా మీద రాసిన విస్తీర్ణం ఒక కోటుకా, రెండు కోట్లకా అన్నది చూసి కొనండి. ఇక్కడే ఎక్కువమంది సగం సరుకు తెస్తారు.

పగలగొట్టిన చెత్త. గోడల మీద టైలూ గచ్చూ కలిపి 30 మి.మీ., నేల మీద 60 మి.మీ. తీస్తే 0.68 ఘనపు మీటర్లు. బరువు 1.3 టన్నులకు పైనే. 25 కిలోల సంచుల్లో నింపితే దాదాపు 55 సంచులు. ఇంత చిన్న గదిలోంచి ఇంత వస్తుందంటే ఎవరూ నమ్మరు. ఎన్ని అంతస్తులు దించాలి, లిఫ్టు వాడనిస్తారా, బండి ఎక్కడి వరకు వస్తుంది అన్నవి చూసుకుని దీనికి విడిగా ఒక వరస రాయండి.

## 6. కూలి రోజులు వేరు, క్యాలెండర్ రోజులు వేరు

మేస్త్రీ పనిచేసే రోజులకు మీరు డబ్బులిస్తారు. సిమెంట్ ఆరే రోజులకు డబ్బులివ్వరు, కానీ ఆ రోజుల్లో బాత్రూమ్ ఉండదు. ఇంట్లో ఒకటే బాత్రూమ్ ఉంటే ఆ రోజుల ఏర్పాటు కూడా ఖర్చే. పని వరసను బట్టి రెండూ పక్కపక్కన రాసుకోండి.

| పని | మేస్త్రీ | హెల్పర్ | ప్లంబర్ | క్యాలెండర్ |
|---|---|---|---|---|
| ఫిట్టింగులు విప్పడం, పగలగొట్టడం, మోత | – | 4 | 1 | 2 |
| గోడలోని పైపులు, ప్రెషర్ పరీక్ష | – | 1 | 1 | 1 |
| గోడల ప్లాస్టరింగ్, నేల వాలు | 2 | 2 | – | 2 |
| తడుపుతూ ఆరనివ్వడం | – | – | – | 7 |
| వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు | 1 | 1 | – | 2 |
| నీళ్లు నిలిపి పరీక్ష | – | – | – | 2 |
| గోడ టైళ్లు | 3 | 3 | – | 3 |
| నేల టైళ్లు | 1 | 1 | – | 1 |
| ఆగడం | – | – | – | 1 |
| గ్రౌట్ | 1 | 1 | – | 1 |
| ఆగడం | – | – | – | 1 |
| ఫిట్టింగులు బిగించడం | – | – | 1 | 1 |
| మొత్తం | 8 | 13 | 3 | 24 |

మేస్త్రీ ఎనిమిది రోజులే పనిచేస్తాడు, గది చేతికొచ్చేది 24 రోజులకు. గీజరు, లైటు తీసి మళ్లీ పెట్టడానికి ఎలక్ట్రీషియన్ రెండుసార్లు రావాలి.

గోడ టైళ్లకు మూడు రోజులంటే రోజుకు దాదాపు 33 టైళ్లు. పెద్ద హాలు నేల మీద ఇదే మేస్త్రీ ఇంతకన్నా చాలా ఎక్కువ వేస్తాడు. బాత్రూములో ప్రతి వరసలోనూ రెండు కోతలు, కుళాయి రంధ్రాలు, మూలలు. రోజుకు ఇంతకు రెట్టింపు వేస్తానన్నవాడి పనిలో ముందుగా దెబ్బతినేది టైలు వెనక అడ్హెసివ్ నిండటం. నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు పెట్టి అతికిస్తే పని వేగంగానే సాగుతుంది, కానీ లోపల డొల్ల మిగులుతుంది. పరీక్ష మొదటి రోజే చేయండి: అంటించిన టైలు ఒకటి వెంటనే పీకించి వెనక్కి తిప్పి చూడండి. వెనకభాగం అంతా నిండుగా అడ్హెసివ్ అంటుకుని ఉండాలి.

ప్లంబర్ గడిలో మూడు అంకె ఎందుకంటే అతని పని మూడు వేర్వేరు రోజుల్లో పడుతుంది. విప్పడం సగంపూట పనే అయినా చాలాచోట్ల పూర్తి రోజు కూలి అడుగుతారు. ముందే మాట్లాడుకుంటే మూడింటికీ కలిపి ఒక మొత్తం కుదురుతుంది.

తగ్గించకూడని రోజులు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి ప్లాస్టరింగ్ ఆరడం. తొందరపడి టైళ్లు అంటిస్తే ఆరుతూ కుంచించుకునే గచ్చు వాటిని లాగుతుంది. రెండోది నీళ్లు నిలిపే పరీక్ష. రంధ్రం మూసి, నేల మీద రెండంగుళాల నీళ్లు పోసి, మట్టాన్ని గోడ మీద గీతతో గుర్తు పెట్టి వదిలేయండి. కింది పైకప్పు కూడా చూడండి. కారుతుంటే ఇప్పుడు ఒక కోటుతో పోతుంది. టైళ్లు వేశాక బయటపడితే ఈ పట్టిక మొత్తం మళ్లీ మొదటి నుంచి.

కూలి రోజు లెక్కన కాకుండా చదరపు అడుగుకింత అని మాట్లాడుకుంటే ఇవి కాగితం మీద ఉండాలి:

- తలుపు వైశాల్యం తీసేసి కొలుస్తారా?
- పగలగొట్టడం, చెత్త దించడం రేటులో ఉన్నాయా?
- గ్రౌట్ పెట్టడం, టైళ్ల ముఖం తుడిచి ఇవ్వడం ఉన్నాయా?
- గూళ్లు, కిటికీ అంచులు, మూలల్లో 45 డిగ్రీల కోత విడిగా లెక్కిస్తారా?
- హెల్పర్ కూలి ఎవరిది?

## 7. ఫిట్టింగులు: ఎప్పుడు కొనాలో కూడా రాసుకోండి

కంటికి కనిపించే కుళాయి, షవర్ ధర అందరూ రాసుకుంటారు. బిల్లు పెంచేవి గోడలోపల ఉండేవి, చిల్లరగా కనిపించేవి. మూడు జాబితాలు చేయండి.

ప్లాస్టరింగ్‌కు ముందే చేతిలో ఉండాల్సినవి: నీళ్లను కుళాయికో షవర్‌కో మళ్లించే, గోడలో దిగే డైవర్టర్ బాడీ, స్టాప్ కాక్‌లు, పైపులు, ఎల్బోలు, టీలు, నీళ్లు పోయే నహానీ ట్రాప్. డైవర్టర్ బాడీ మీద ఎంత లోతు నుంచి ఎంత లోతు వరకు దించవచ్చో గుర్తు ఉంటుంది. ఆ లోతును కొత్త టైలు ముఖం నుంచి లెక్కించాలి. పచ్చి గోడ నుంచి లెక్కిస్తే ప్లాస్టరింగ్, అడ్హెసివ్, టైలు మందాలు కలిసి బాడీ లోపలికి పోతుంది, పిడి బిగుసుకోదు. దాన్ని సరిచేయాలంటే కొత్త టైలు పగలాల్సిందే.

చివర్లో కొనగలిగినవి: కుళాయిలు, షవర్, హెల్త్ ఫాసెట్, అద్దం, టవల్ రాడ్. బడ్జెట్ బిగుసుకుంటే వాయిదా వేయగలిగేది ఈ జాబితానే.

పాతవి వాడినా కొత్తగా కొనక తప్పనివి: యాంగిల్ వాల్వులు, కనెక్షన్ పైపులు, వాష్‌బేసిన్ వేస్ట్ పైపు, కమోడ్ కింద రబ్బరు సీలు, కుళాయి మొదట్లో గోడ రంధ్రాన్ని కప్పే బిళ్లలు, టెఫ్లాన్ టేపు, సిలికాన్, స్క్రూలు. గోడ మందం పెరిగితే పాత కుళాయిలకు ఎక్స్‌టెన్షన్ నిపిల్స్.

కమోడ్ గురించి కాస్త ఆగాలి. సిమెంటుతో కూర్చోబెట్టిన పాత కమోడ్ విప్పేటప్పుడు పగలకుండా రావడం అదృష్టం. మళ్లీ వాడదామనుకున్నా కొత్త కమోడ్ ధరను "అవసరమైతే" అని విడిగా రాసి ఉంచండి. కొత్తది కొంటుంటే వెనక గోడ నుంచి మలం పైపు నడిబొడ్డు వరకు దూరం కొలవండి. ఆ కొలత కూడా కొత్త టైలు ముఖం నుంచే. గోడ 15 మి.మీ. ముందుకొస్తే సరిగ్గా సరిపోయే మోడల్ కాస్తా గోడకు తగులుతుంది.

## 8. అంచనా కాగితం

ఇప్పటిదాకా తేలినవన్నీ ఒకచోట. చివరి రెండు గడులు మీవి.

| వివరం | పరిమాణం | రేటు | మొత్తం |
|---|---|---|---|
| గోడ టైళ్లు | 21 బాక్సులు | | |
| నేల టైళ్లు | 6 బాక్సులు | | |
| అడ్హెసివ్, 20 కిలోలు | 6 బస్తాలు | | |
| గ్రౌట్ | 4 కిలోలు | | |
| వాటర్‌ప్రూఫింగ్, రెండు కోట్లు | 9.5 చ.మీ. | | |
| సిమెంట్, ఇసుక | మేస్త్రీతో మాట్లాడి | | |
| స్పేసర్లు, కటింగ్ బ్లేడు | ఒక మొత్తం | | |
| మేస్త్రీ | 8 రోజులు | | |
| హెల్పర్ | 13 రోజులు | | |
| ప్లంబర్ | 3 రోజులు | | |
| ఎలక్ట్రీషియన్ | 2 సార్లు | | |
| చెత్త తరలింపు | 55 సంచులు | | |
| టైళ్ల రవాణా, పైకి మోత | ఒక మొత్తం | | |
| ఫిట్టింగులు, మూడు జాబితాలు | విడివిడిగా | | |

దీని మీద అదనంగా పెట్టుకునే సొమ్మును మొత్తానికి ఒకే శాతంగా వేయకండి. టైళ్లను గీసి లెక్కించాం, వాటికి మళ్లీ కలపక్కర్లేదు. అనుమానం ఉన్నది పగలగొడితే గానీ కనపడని చోట్లే: పైపులు, నేల కింది గచ్చు, గోడ ప్లాస్టరింగ్. ఆ మూడు పనుల సరుకు, కూలి కూడి, దాని మీద పాతిక శాతం పక్కన పెట్టండి. ఇల్లు పాతదై, గోడకు అవతల చెమ్మ మచ్చలుంటే సగం పెట్టినా ఎక్కువ కాదు.

## 9. కొటేషన్లు పక్కపక్కన పెట్టినప్పుడు

ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకుంటే చివరి మొత్తాలు పోల్చి లాభం లేదు. పై కాగితం వాళ్లకే ఇచ్చి రేటు గడి నింపమనండి. అప్పుడు తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

ఒకరి మొత్తం బాగా తక్కువగా ఉంటే ముందు మూడు వరసలు చూడండి: చెత్త తరలింపు, వాటర్‌ప్రూఫింగ్, ప్లాస్టరింగ్. ఖాళీగా ఉన్న గడి పని మధ్యలో "ఎక్స్‌ట్రా" పేరుతో వస్తుంది.

టైళ్ల సంఖ్య 94 అని వస్తే బొమ్మ చూపించమని అడగండి. బొమ్మ లేకపోతే మీ బొమ్మ చూపించి, 30 మి.మీ. పట్టీ ఎక్కడ పెడతారో అడగండి. తెలిసిన మేస్త్రీ వెంటనే టేపు తీస్తాడు.

పని మొదలయ్యాక టైళ్లు తగ్గుతున్నాయనిపిస్తే చివరి బాక్సు దాకా ఆగకండి. మూడో వరస పూర్తయ్యేసరికి గోడ టైళ్లు 42కు కాస్త అటూఇటూగా వాడి ఉండాలి. 47 దాటితే కోతలోనో విరగడంలోనో తేడా వస్తోంది. దుకాణంలో అదే బ్యాచ్ ఇంకా ఉండగానే ఫోను చేసి రెండు బాక్సులు పక్కన పెట్టించండి.

డబ్బు ఇచ్చే వరసను పని వరసకే ముడిపెట్టండి: పగలగొట్టి చెత్త పోయాక కొంత, నీళ్ల పరీక్ష నిలిచాక కొంత, గోడ టైళ్లు అయ్యాక కొంత. చివరి భాగం ఫిట్టింగులు బిగించి, నేల మీద బకెట్ నీళ్లు కుమ్మరించి, అవి ఎక్కడా నిలవకుండా ట్రాప్‌లోకి పోవడం చూశాకే ఇవ్వండి.